సౌష్ఠవం ముందు, గాస్ నియమం తర్వాత: అనంత తీగ, అనంత పలకల విద్యుత్ క్షేత్రం కనుక్కోవడం ఎలా?

ఇంటర్ రెండో సంవత్సరం భౌతికశాస్త్రంలో ఈ రెండు ఉత్పాదనలూ పక్కపక్కనే ఉంటాయి. ఒకటి అనంతమైన ఆవేశిత తీగకు, రెండోది అనంతమైన ఆవేశిత పలకకు. చాలామంది వీటిని నాలుగేసి వాక్యాల్లో ముగిస్తారు: స్థూపం గీస్తారు, అభివాహం రాస్తారు, లోపలి ఆవేశాన్ని ε₀తో భాగిస్తారు, E వచ్చేస్తుంది. ఆ నాలుగు వాక్యాలకు ముందు జరగాల్సిన ఆలోచన ఒకటి ఉంది. అది లేకపోతే మిగిలినదంతా కంఠస్థమే. ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

గాస్ నియమం ఏం చెబుతుందో ముందు చూద్దాం. ఏదైనా మూసి ఉన్న తలాన్ని తీసుకుంటే, దాని గుండా బయటికి వెళ్లే మొత్తం విద్యుత్ అభివాహం ఆ తలం లోపలున్న నికర ఆవేశాన్ని ε₀తో భాగించగా వచ్చే విలువకు సమానం.

∮ E·dA = Q/ε₀

కుడివైపు ఉన్నది ఒక్క సంఖ్య. ఎడమవైపు తలం మీది ప్రతి బిందువులోనూ E ఎంత, ఏ దిశలో అన్న సమాచారమంతా కలిసిపోయి ఉంది. మొత్తం తెలిసినంత మాత్రాన విడివిడి విలువలు తెలియవు. వాటిని బయటికి తీయాలంటే ఆ తలం మీద E అంతటా ఒకే పరిమాణంలో ఉందనీ, ఫలానా దిశలోనే ఉందనీ మనకు ముందే తెలిసి ఉండాలి. ఆ సంగతి గాస్ నియమం చెప్పదు, సౌష్ఠవం చెబుతుంది. అందుకే పని ఎప్పుడూ అక్కడే మొదలవ్వాలి.

మొదటి మెట్టు: తీగ చుట్టూ క్షేత్రం ఏ దిశలో ఉండగలదు?

రెండు వైపులా అంతు లేకుండా సాగే తిన్నని తీగను ఊహించండి. దాని మీద ఆవేశం సమంగా పరుచుకుని ఉంది. మీటరు పొడవుకు ఎంత ఆవేశమో అదే రేఖీయ ఆవేశ సాంద్రత, λ. తీగ నుంచి r దూరంలో P అనే బిందువు ఉంది. అక్కడ E సదిశకు మూడు అంశాలు ఉండవచ్చు: తీగకు దూరంగా వెళ్లే దిశలో ఒకటి, తీగ వెంబడి ఒకటి, తీగ చుట్టూ తిరిగే దిశలో ఒకటి. ఏవి నిలుస్తాయో, ఏవి పోతాయో ఒక్కొక్కటిగా తేల్చాలి.

ఇక్కడ వాడే సూత్రం ఒక్కటే. ఆవేశాల అమరికను తిప్పినా, జరిపినా, అద్దంలో చూసినా ముందున్నట్టే కనిపిస్తే, దాని వల్ల ఏర్పడే క్షేత్రం కూడా ముందున్నట్టే ఉండాలి.

తీగ వెంబడి ఉండే అంశాన్ని ముందు చూద్దాం. P గుండా తీగకు లంబంగా ఒక గీత గీసి, ఆ గీతనే అక్షంగా చేసుకుని మొత్తం అమరికను 180 డిగ్రీలు తిప్పండి. తీగ కుడి సగం ఎడమకు, ఎడమ సగం కుడికి వస్తాయి. తీగ అనంతం, ఆవేశం సమం కాబట్టి అమరికలో ఏ తేడా కనిపించదు. P కూడా అక్షం మీదే ఉంది కనుక కదలలేదు. కానీ P వద్ద తీగ వెంబడి ఏదైనా అంశం ఉండి ఉంటే, ఈ తిప్పడంతో దాని దిశ తిరగబడుతుంది. అమరిక మారలేదు కాబట్టి క్షేత్రమూ మారకూడదు. తిరగబడినా మారకుండా ఉండే అంశం సున్నా ఒక్కటే.

తీగ చుట్టూ తిరిగే అంశానికి అద్దం వాడాలి. తీగ, P రెండూ ఉండే సమతలాన్ని అద్దంగా అనుకోండి. తీగ తన ప్రతిబింబం తానే, P కూడా అంతే. చుట్టూ తిరిగే అంశం మాత్రం ప్రతిబింబంలో ఎదురు దిశకు మారిపోతుంది. అదీ సున్నానే.

ఇక మిగిలింది తీగకు లంబంగా బయటికి పోయే అంశం ఒక్కటే. ఏ తిప్పడమూ, ఏ అద్దమూ దాన్ని రద్దు చేయలేదు. దాని పరిమాణం దేని మీద ఆధారపడుతుంది? తీగను దాని వెంబడే జరిపితే అమరిక మారదు కనుక తీగ పొడవునా ఎక్కడున్నామన్నది లెక్కలోకి రాదు. తీగనే అక్షంగా చేసుకుని తిప్పినా అమరిక మారదు కనుక ఏ కోణంలో ఉన్నామన్నదీ లెక్కలోకి రాదు. మిగిలేది r మాత్రమే.

పరీక్షలో రాసేటప్పుడు 'సౌష్ఠవం వల్ల E రేడియల్‌గా ఉంటుంది' అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. ఏ సౌష్ఠవం వల్ల ఏ అంశం పోయిందో కనీసం ఒక్కో వాక్యంలో రాయడం మంచిది. జరపడం, తీగ చుట్టూ తిప్పడం అనే రెండు సౌష్ఠవాలు మాత్రమే చెప్పి ఊరుకుంటే వాదన పూర్తి కాదు. తీగ వెంబడి అన్ని చోట్లా ఒకేలా ఉండే అంశాన్ని ఆ రెండూ ఏమీ చేయలేవు. 180 డిగ్రీల మలుపు చేసే పని మరేదీ చేయదని కాదు, తీగకు లంబంగా పెట్టిన అద్దమూ చేస్తుంది. కానీ ఆ రెండింటిలో ఒకటి తప్పక కావాలి.

రెండో మెట్టు: దిశ తెలిశాక తలాన్ని ఎంచుకోవడం

ఇప్పుడు మనకు కావలసిన తలం ఎలాంటిదో దానంతటదే తేలుతుంది. తలంలోని ప్రతి భాగమూ రెండు రకాల్లో ఒకటి అయి ఉండాలి: E దానికి లంబంగా, అంతటా ఒకే పరిమాణంలో ఉండాలి, లేదా E దాన్ని ఒరుసుకుంటూ పోయి అభివాహం సున్నా కావాలి. తీగ అక్షంగా r వ్యాసార్ధం, L పొడవు ఉన్న స్థూపానికి ఈ రెండు లక్షణాలూ ఉన్నాయి. వక్రతలం మీద ప్రతి బిందువూ తీగకు అదే దూరంలో ఉంది, E దానికి లంబం. రెండు చివరి వృత్తాల మీద E ఆ వృత్తాల తలంలోనే ఉంటుంది కాబట్టి వాటి గుండా అభివాహం ఏమీ లేదు.

చివరి వృత్తాల మీద E సున్నా అని రాసేవాళ్లుంటారు. అది తప్పు. అక్కడ క్షేత్రం ఉంది, తీగకు దగ్గరగా చాలా బలంగా కూడా ఉంది. సున్నా అయ్యింది అభివాహం మాత్రమే.

వక్రతలం వైశాల్యం 2πrL. కాబట్టి మొత్తం అభివాహం E × 2πrL.

మూడో మెట్టు: లోపలి ఆవేశం

స్థూపం లోపల ఉన్న తీగ పొడవు L. దాని మీది ఆవేశం λL. స్థూపానికి అవతల, తీగ రెండు వైపులా అనంతమైన ఆవేశం ఉంది. దాన్ని లెక్కలోకి తీసుకోలేదేమని అనుమానం రావచ్చు. ఆ ఆవేశం E మీద ప్రభావం చూపిస్తూనే ఉంది. వక్రతలం మీద మనం రాసిన E మొత్తం తీగ కలిసి ఇచ్చే క్షేత్రం. బయటి ఆవేశం నుంచి స్థూపంలోకి ఎంత అభివాహం వస్తుందో అంతా బయటికి వెళ్లిపోతుంది, అందుకే కుడివైపు దాని ఊసు లేదు. పైగా, E తీగకు కచ్చితంగా లంబంగా ఉందన్న సంగతే ఆ బయటి ఆవేశం ఉండబట్టి దక్కింది.

E × 2πrL = λL/ε₀

E = λ/(2πε₀r)

L కొట్టేసుకుపోవాలి, పోయింది. మనం ఊహించుకున్న స్థూపం పొడవు జవాబులో మిగిలి ఉంటే ఎక్కడో పొరపాటు జరిగిందన్నమాట.

ఒక ఉదాహరణ చేద్దాం. 2 మీటర్ల తిన్నని ప్లాస్టిక్ కడ్డీ మీద 40 నానోకూలూమ్‌ల ఆవేశం సమంగా పరుచుకుని ఉంది. మధ్యలో, అక్షం నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో క్షేత్రం ఎంత? λ = 40/2 = 20 నానోకూలూమ్/మీటరు. 1/(4πε₀) విలువ 9×10⁹ కాబట్టి సూత్రాన్ని E = 2×9×10⁹×λ/r అని రాసుకుంటే సులువు. లవం 360, దాన్ని 0.05తో భాగిస్తే 7,200 న్యూటన్/కూలూమ్. దూరం రెట్టింపు చేసి 10 సెంటీమీటర్లకు వెళితే 3,600. బిందు ఆవేశమైతే నాలుగో వంతుకు పడిపోయేది, ఇక్కడ సగానికే తగ్గింది. కడ్డీ పొడవు 2 మీటర్లే కదా, దీన్ని అనంతం అనవచ్చా అన్న ప్రశ్నకు చివర్లో వద్దాం.

తప్పు తలంతో సరైన జవాబు

స్థూపానికి బదులు తీగ మీద కేంద్రం ఉన్న గోళాన్ని తీసుకుంటే ఏమవుతుంది? దీన్ని స్వయంగా చేసి చూడటం ఎంతో ఉపయోగం. గోళం వ్యాసార్ధం R అయితే లోపల ఉన్న తీగ పొడవు 2R, ఆవేశం 2Rλ. 'గోళం అంతటా E ఒకటే' అని అనుకుని E × 4πR² = 2Rλ/ε₀ అని రాస్తే, E = λ/(2πε₀R) వస్తుంది. తీగ నుంచి R దూరంలో ఉండాల్సిన సరైన విలువే!

జవాబు సరిపోయింది కానీ వాదన చెల్లదు. గోళం మీద E అంతటా ఒకటి కాదు. తీగకు లంబంగా ఉండే నడిమి వృత్తం మీద తీగ దూరం R. అక్కడి నుంచి తీగ గోళాన్ని దాటే బిందువుల వైపు వెళ్లేకొద్దీ తీగకు దగ్గరవుతాం, E పెరుగుతుంది. కేంద్రం నుంచి గీసిన గీత తీగతో θ కోణం చేసే చోట తీగ దూరం R sinθ, కాబట్టి E = λ/(2πε₀R sinθ). అయితే ఆ చోట గోళతలానికి E వాలుగా ఉంటుంది, దాని లంబాంశం E sinθ. రెండు sinθలూ కొట్టేసుకుపోయి, లంబాంశం మాత్రం గోళమంతటా λ/(2πε₀R) దగ్గర స్థిరంగా ఉంటుంది. గోళంతో మనం కనుక్కున్నది ఆ లంబాంశాన్ని. నడిమి వృత్తం మీద E పూర్తిగా లంబం కనుక అక్కడ రెండూ ఒకటయ్యాయి.

ఇదే తర్కాన్ని ఘనానికి వాడితే గుట్టు బయటపడుతుంది. 2a భుజం ఉన్న ఘనం మధ్యగా తీగ పోతోందనుకోండి. పక్క ముఖాలు నాలుగింటి వైశాల్యం 16a², లోపలి ఆవేశం 2aλ. భాగిస్తే λ/(8ε₀a). పక్క ముఖం మధ్యలో నిజమైన విలువ λ/(2πε₀a), అంటే హారంలో 8 బదులు సుమారు 6.28. గాస్ నియమం ఘనానికీ నిజమే. మనకు దక్కింది పక్క ముఖాల మీద లంబాంశపు సగటు మాత్రమే, ఏ ఒక్క బిందువులోని E కాదు.

పలక: సౌష్ఠవం ఎంతవరకు చెబుతుంది?

ఇప్పుడు నాలుగు వైపులా అంతు లేని, మందం లేని సమతల పలకను తీసుకుందాం. చదరపు మీటరుకు ఉన్న ఆవేశం σ. ఒకవైపు z దూరంలో P ఉంది. P గుండా పలకకు లంబంగా ఉండే గీతను అక్షంగా తీసుకుని ఎంత కోణం తిప్పినా పలక మారదు. పలకకు సమాంతరంగా ఏదైనా అంశం ఉంటే అది తిరిగిపోతుంది, కాబట్టి ఉండకూడదు. E పలకకు లంబమే. పలకనే అద్దంగా చేస్తే, రెండు వైపులా సమాన దూరాల్లో పరిమాణం సమానం, దిశలు ఎదురెదురు అని తేలుతుంది. పలక వెంబడి ఎటు జరిపినా మారదు కాబట్టి E కేవలం z మీదే ఆధారపడగలదు.

సౌష్ఠవం ఇక్కడితో ఆగిపోతుంది. z పెరిగితే E తగ్గుతుందా, లేదా అన్నది అది చెప్పదు. 'పలక అనంతం కాబట్టి దూరం లెక్కలోకి రాదు' అని చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది కానీ అది నిరూపణ కాదు. తీగ కూడా అనంతమే, అక్కడ దూరం లెక్కలోకి వచ్చింది కదా.

నిరూపణకు ఒక చిన్న స్థూపం చాలు. దాన్ని పూర్తిగా పలకకు ఒకే వైపున పెట్టండి, అక్షం పలకకు లంబంగా ఉండాలి. ఒక చివర z₁ ఎత్తులో, ఇంకో చివర z₂ ఎత్తులో ఉన్నాయి. చివరల వైశాల్యం A. లోపల ఆవేశమేమీ లేదు. వక్రతలాన్ని E ఒరుసుకుంటూ పోతుంది కాబట్టి అభివాహం చివరల గుండానే. దగ్గరి చివరలో లోపలికి E(z₁)A, దూరపు చివరలో బయటికి E(z₂)A. నికరం సున్నా కావాలి కాబట్టి E(z₁) = E(z₂). దూరంతో నిమిత్తం లేకుండా క్షేత్రం ఒకటేనని ఇప్పుడు గట్టిగా అనవచ్చు.

ఇక పరిమాణం. అదే స్థూపాన్ని పలకకు అడ్డంగా, సగం అటు, సగం ఇటు ఉండేలా పెట్టండి. రెండు చివరల గుండానూ అభివాహం బయటికే పోతుంది: EA + EA. లోపల చిక్కిన పలక ముక్క వైశాల్యం A, ఆవేశం σA.

2EA = σA/ε₀

E = σ/(2ε₀)

ఉదాహరణకు σ = 17.7 నానోకూలూమ్/చదరపు మీటరు అయితే, ε₀ విలువ 8.85×10⁻¹² కాబట్టి E = 1,000 న్యూటన్/కూలూమ్.

ఆ '2' ఎప్పుడుంటుంది, ఎప్పుడుండదు?

వాహకం ఉపరితలానికి దగ్గరలో క్షేత్రం σ/ε₀ అని ఇంకో సూత్రం ఉంది. ఈ రెండూ కలిసి తికమక పెట్టినంతగా ఈ పాఠంలో మరేదీ పెట్టదు. వాహకం విషయంలో స్థూపం ఒక చివర లోహం లోపల ఉంటుంది. స్థిర విద్యుత్ స్థితిలో అక్కడ E సున్నా, అభివాహం ఒక్క చివర గుండానే పోతుంది. అందుకే EA = σA/ε₀, రెండు లేదు.

రెండు సూత్రాల్లో σ ఒకటే అక్షరమైనా ఒకటే రాశి కాదు. లోహపు రేకుకు ఆవేశం ఇస్తే అది రెండు ముఖాల మీదకీ చేరుతుంది. దగ్గరలో వేరే ఆవేశాలేమీ లేవనుకుంటే, చదరపు మీటరు రేకు మీద మొత్తం ఆవేశం σ అయినప్పుడు ఒక్కో ముఖం మీద σ/2 ఉంటుంది. ముఖం లెక్కన వాహకపు సూత్రం వాడితే (σ/2)/ε₀. రేకును మొత్తంగా పలక అనుకుంటే σ/(2ε₀). రెండూ ఒకటే. కాబట్టి లెక్క మొదలుపెట్టే ముందు, ఇచ్చిన σ ఒక ముఖానిదా, రెండు ముఖాలూ కలిపినదా అని చూసుకుంటే చాలు.

నిజమైన తీగ, నిజమైన పలక ఎంతవరకు అనంతం?

వాయిదా వేసిన ప్రశ్న ఇది. కడ్డీ సగం పొడవును a అందాం, మన ఉదాహరణలో 1 మీటరు. కూలూమ్ నియమంతో నేరుగా సమాకలనం చేస్తే, కడ్డీ మధ్య బిందువుకు ఎదురుగా నిజమైన క్షేత్రం, అనంత సూత్రపు విలువను a/√(a²+r²)తో గుణించగా వస్తుంది. పలకకు బదులు 1 మీటరు వ్యాసార్ధం ఉన్న వృత్తాకార పలకను తీసుకుంటే, కేంద్రానికి ఎదురుగా గుణకం 1 − z/√(z²+R²).

రెండింటికీ 5 సెంటీమీటర్ల దూరంలో విలువలు చూడండి. కడ్డీకి 7,200 బదులు 7,191 వస్తుంది, తేడా 0.12 శాతం. పలకకు 1,000 బదులు 950, తేడా 5 శాతం. అదే కొలతలు, అదే దూరం, కానీ పలక విషయంలో పొరపాటు నలభై రెట్లు. 50 సెంటీమీటర్లకు వెళితే కడ్డీ క్షేత్రం అనంత సూత్రపు విలువలో ఇంకా 89 శాతం ఉంటుంది, పలకది 55 శాతానికి పడిపోతుంది.

కారణం దూరంగా ఉన్న ఆవేశాల ఎక్కువతక్కువల్లో ఉంది. తీగ మీద s దూరంలో ఉన్న చిన్న ముక్క ఇచ్చే లంబాంశం r/s³ లెక్కన తగ్గుతుంది. కాబట్టి తీగ చివరలు కోసేస్తే పోయేది r²/(2a²) వంతు మాత్రమే. పలక మీద s వ్యాసార్ధంలో ఉన్న ఉంగరం ఇచ్చే లంబాంశమూ అలాగే తగ్గాలి, కానీ ఆ ఉంగరం చుట్టుకొలత s తో పాటు పెరుగుతుంది. ఫలితంగా తగ్గుదల z/s² లెక్కకు మందగిస్తుంది, అంచులు కోసేస్తే z/R వంతు పోతుంది. ఒక శాతం పొరపాటును ఒప్పుకుంటే, మన కడ్డీకి 14 సెంటీమీటర్ల దూరం వరకు అనంత సూత్రం వాడవచ్చు. అదే 1 మీటరు వ్యాసార్ధపు పలకకు 1 సెంటీమీటరు దాటకూడదు.

ఇదంతా మధ్యలో ఉన్నప్పటి మాట. కడ్డీ చివరకు ఎదురుగా నిలబడితే 180 డిగ్రీల మలుపు ఇక పనిచేయదు, ఎందుకంటే తిప్పితే కడ్డీ ఉన్న వైపు ఖాళీ అవుతుంది. తీగ వెంబడి అంశం వెంటనే తలెత్తుతుంది. ఒకవైపు మాత్రమే అనంతంగా సాగే తీగకు, దాని చివరకు సరిగ్గా ఎదురుగా లంబాంశం సగానికి, అంటే λ/(4πε₀r)కి తగ్గుతుంది. తీగ వెంబడి అంశం కూడా కచ్చితంగా అంతే ఉంటుంది. r ఎంతైనా సరే, క్షేత్రం 45 డిగ్రీల వాలులో, తీగ లేని వైపుకు ఉంటుంది. అక్కడ కూడా ఏ స్థూపం గీసినా గాస్ నియమం నిజమే. కానీ చివరి వృత్తాల గుండా ఇప్పుడు అభివాహం ఉంది, వక్రతలం మీద E ఒకేలా లేదు. అందుకే అక్కడ సమాకలనం చేయక తప్పదు.